ఎండ్ పాయింట్‌ను నమ్ముతాను, పీకేఏను బఫర్ చూశాకే: పదకొండేళ్ల వాడకం తర్వాత

డిగ్రీ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పిల్లలతో ఎసిటిక్ ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ మీటర్ పెట్టి టైట్రేట్ చేయిస్తున్నాను. ఒకే గ్రాఫ్ నుంచి ఆమ్లం గాఢత, అది ఎంత బలమైందో చెప్పే పీకేఏ రెండూ వస్తాయి. కానీ రెండింటినీ ఒకేలా నమ్మకూడదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈ మధ్య చేసిన ఒక రన్ చెబుతాను. సుమారు 0.1 మోలార్ ఆమ్లం 25 మి.లీ., బ్యూరెట్‌లో 0.1 మోలార్ క్షారం. 24 మి.లీ. దాటాక 0.1 చొప్పున వదిలాం. 24.50 దగ్గర పీహెచ్ 6.86, 24.60కి 7.28, 24.70కి ఒక్కసారిగా 9.82, 24.80కి 10.36. పీహెచ్ తేడాను వాల్యూమ్ తేడాతో భాగిస్తే వరుసగా 4.2, 25.4, 5.4 వచ్చాయి. ఈ విలువలను ఆయా జతల మధ్య బిందువు దగ్గర గుర్తించాలి. అందుకే శిఖరం 24.65, ఆమ్లం మొత్తం క్షారంతో కలిసిపోయిన ఎండ్ పాయింట్ అదే. ప్రతి బ్యాచ్‌లో కొందరు దాన్ని రెండో రీడింగ్ 24.70 దగ్గరే పెడతారు, ఎండ్ పాయింట్ 0.05 జరిగిపోతుంది. ఇంకా నికరంగా రావాలని 0.02 చొప్పున వదిలితే, మీటర్ రెండో దశాంశంలో ఊగే ఊపే పెద్దదై గ్రాఫ్ రంపపు పళ్లలా వస్తుంది. నా అనుభవంలో 0.1 చాలు, ప్రతిసారీ రీడింగ్ నిలకడ పడేదాకా ఆగితే.

ఇక పీకేఏ. ఎండ్ పాయింట్‌కు కావాల్సిన క్షారంలో సగం పడ్డప్పుడు ఉండే పీహెచ్‌నే పీకేఏగా తీసుకుంటాం. 24.65లో సగం 12.33. 12.00 దగ్గర 4.65, 12.50 దగ్గర 4.68 ఉన్నాయి కాబట్టి మధ్యలో 4.67. పుస్తకంలో 4.76 చూసి పిల్లలు గాబరా పడతారు. అది తప్పు కాదు. సగం దారిలో ద్రావణంలో సోడియం ఎసిటేట్ బాగానే ఉంటుంది, ఆ అయాన్ల ప్రభావానికి ఈ మాత్రం తగ్గుతుంది.

అసలు భయం వేరే ఉంది. ఒక ఏడాది బ్యాచ్ మొత్తానికి 4.9 వచ్చింది, గాఢత మాత్రం అందరికీ సరిగ్గానే ఉంది. రెండు రోజులు ఎలక్ట్రోడ్‌ను అనుమానించాను. చివరికి చూస్తే, పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలైన బఫర్లతో మీటర్ సెట్ చేసేటప్పుడు మూత సరిగ్గా పెట్టని పాతవి వాడాం. మీటర్ అన్ని రీడింగులనూ ఒకే మేర పైకి జరిపితే తీసివేతలో ఆ తప్పు కొట్టుకుపోతుంది, శిఖరం కదలదు. సగం దగ్గర చదివే పీహెచ్‌లో మాత్రం అది పూర్తిగా కూర్చుంటుంది.

క్లోరోఎసిటిక్ లాంటి కాస్త బలమైన ఆమ్లానికి ఈ సగం పద్ధతి వాడను. 0.01 మోలార్‌లో అది తనంతట తానే విడిపోయి, 2.87 రావలసిన చోట 3.1 దాకా చూపిస్తుంది.

ఇప్పుడు టైట్రేషన్ అయిపోగానే ఎలక్ట్రోడ్ కడిగి, కొత్తగా తెరిచిన పీహెచ్ 4 బఫర్‌లో మళ్లీ ముంచి చూస్తాం. 0.03 కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ రోజు రికార్డులో గాఢత మాత్రమే రాయిస్తాను.