సంతాప సందేశం: పత్రికా ప్రకటనలా రాస్తే మేలా, మాటల్ని తగ్గించి రాస్తే మేలా?

సహోద్యోగి తండ్రి చనిపోయారు. కబురు తెలియగానే ఫోన్‌లో చాలామంది టైప్ చేసేది దాదాపు ఇలా ఉంటుంది:

"అయ్యో బ్రో, ఇప్పుడే తెలిసింది, షాక్! ఏమైంది అసలు? ధైర్యంగా ఉండు, అంతా మన మంచికే. ఏదైనా కావాలంటే చెప్పు. అన్నట్టు ఈ నెల రిపోర్టు ఎవరి దగ్గరుంది?"

రాసినవాడి మనసులో చెడు లేదు, కానీ ఇది ఆఫీసు మనిషి పంపాల్సిన మాట కాదు. దీన్ని దిద్దడానికి రెండు దారులున్నాయి.

మొదటిది, భాషను పైకెత్తడం: "మీ తండ్రిగారి ఆకస్మిక మరణవార్త విని తీవ్ర దిగ్భ్రాంతికి గురయ్యాము. వారి పవిత్రాత్మకు శాంతి చేకూర్చాలని, మీ కుటుంబానికి మనోధైర్యాన్ని ప్రసాదించాలని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాము."

రెండోది, ఎదుటి మనిషికి భారమయ్యేవి తీసేసి, మనకు నిజంగా తెలిసినదాన్ని ఉంచడం: "నాన్నగారు కన్నుమూశారని ఇప్పుడే తెలిసింది. చాలా బాధగా ఉంది. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి మీరు రోజూ ఎంత తొందరగా పని ముగించుకునేవారో చూశాను. ఈ నెల రిపోర్టు నేను పూర్తి చేసి పంపిస్తాను, దాని గురించి ఆలోచించకండి. దీనికి జవాబు రాయనక్కర్లేదు."

నా ఓటు రెండోదానికే. మొదటిదాంట్లో మర్యాద ఉంది, మనిషి లేడు. పైగా తప్పులూ ఉన్నాయి. ఆయన చాలాకాలంగా మంచంలో ఉంటే "ఆకస్మిక" అన్న మాట అబద్ధం. ఆ ఇంటివాళ్ళకు దేవుడి మీద నమ్మకముందో లేదో తెలియకుండా ప్రార్థన తెచ్చిపెట్టడం మన నమ్మకాన్ని వాళ్ళ దుఃఖం మీద పెట్టడమే. ఒక్కడే పంపుతూ "గురయ్యాము" అనడంలో ఆ మేమెవరో తెలియదు. కాపీ చేసిన సంగతి అక్కడే బయటపడుతుంది.

చిత్తుప్రతిలో అసలు దోషం "బ్రో" కాదు, ప్రశ్నలు. "ఏమైంది?" అని అడిగితే అప్పటికే అదే కథ పదిమందికి చెప్పిన మనిషి మళ్ళీ చెప్పాలి. "ఏదైనా కావాలంటే చెప్పు" కూడా అలాంటిదే: ఏం అడగాలో, ఎవరిని అడగాలో ఆలోచించే పని దుఃఖంలో ఉన్నవాళ్ళకే మిగులుతుంది. అందుకే దిద్దిన సందేశంలో ఒక పని పేరు చెప్పి, అది మనమే చేస్తామన్నాం. అయితే మన చేతిలో ఉన్నదే చెప్పాలి. సెలవు ఇవ్వడం మేనేజరు పని, "ఎన్నాళ్ళైనా ఉండండి" అని తోటి ఉద్యోగి మాటివ్వకూడదు. "అంతా మన మంచికే" అన్నది మార్చి రాయడానికి వీల్లేని వాక్యం, కొట్టేయడమే.

రెండో దారికీ ఒక హద్దుంది. ఆసుపత్రి సంగతి నేరుగా ఆ మనిషికే పంపినప్పుడు ఆత్మీయంగా ఉంటుంది. అదే ముప్పైమంది ఉన్న గ్రూపులో పెడితే ఒకరి ఇంటి జబ్బు సంగతి అందరి ముందూ పెట్టినట్టు. గ్రూపులో మొదటి రెండు వాక్యాలు చాలు, మిగతావి విడిగా పంపాలి.

పిలుపు దగ్గర కూడా తడబడతాం. రోజూ "నువ్వు" అనుకునే ఇద్దరి మధ్య "మీరు" వస్తే దుఃఖ సమయంలో దూరం జరిగినట్టుంటుంది. విడిగా రాసేటప్పుడు "నువ్వు" అలాగే ఉంచి, "బ్రో" తీసేస్తే సరిపోతుంది. పైఅధికారులు కూడా చదివే మెయిల్‌లో మాత్రం "మీరు" అనడమే బాగుంటుంది. మొదటి దారి నప్పే చోటు కూడా అలాంటిదే: సంస్థ తరఫున, ఆ ఉద్యోగి ఎవరో దగ్గరగా తెలియని వ్యక్తి సంతకంతో వెళ్ళే ఉత్తరం. అక్కడ లేని జ్ఞాపకాన్ని కల్పించడం కంటే పొడిగా, పొట్టిగా ఉండడమే నిజాయితీ. "మీ నాన్నగారి మరణానికి మా విభాగం తరఫున సంతాపం తెలియజేస్తున్నాను" అని ఆపేయొచ్చు, దిగ్భ్రాంతి అక్కర్లేదు.

అభినందనల్లో ఇంత చిక్కు లేదు, కానీ తూకం కొంచెం మారుతుంది. "కంగ్రాట్స్ మామా, ఎట్టకేలకు ప్రమోషన్ వచ్చేసిందిగా! పార్టీ ఎప్పుడు?" అన్నదాంట్లో "ఎట్టకేలకు" ముల్లులా గుచ్చుకుంటుంది. అదే ప్రమోషన్‌కు ప్రయత్నించి రానివాళ్ళు కూడా ఆ గ్రూపులో ఉండొచ్చు. "మరెన్నో ఉన్నత శిఖరాలు అధిరోహించాలి" అన్నది ఎవరికైనా పంపొచ్చు, కాబట్టి ఎవరికీ చెందదు. "అభినందనలు. పాత లెక్కలన్నీ కొత్త సిస్టమ్‌లోకి మార్చిన వారం బిల్లింగ్ ఒక్కరోజు కూడా ఆగకుండా మీరు చూసుకున్నారు, అది మా టీమ్‌కు బాగా గుర్తుంది" అంటే పొగిడేది పనిని. పక్కవాళ్ళతో పోలిక రాదు. ఇక్కడ ప్రశ్న అడిగినా పరవాలేదు, సంతోషంగా ఉన్నవాళ్ళకు జవాబివ్వడం బరువు కాదు. పార్టీ సంగతి మాత్రం వాళ్ళు ఎత్తేదాకా ఆగొచ్చు.