క్లౌడ్ కిచెన్ తెరిచేవారికి హెచ్చరిక: 25 శాతం కమీషన్ అన్న మాటతోనే లెక్క వేసుకోకండి

ఫుడ్ డెలివరీ యాప్‌లలో క్లౌడ్ కిచెన్, అంటే కూర్చుని తినే చోటు లేకుండా డెలివరీకే వండే వంటగది, ప్రారంభించబోతున్నవారు ఒప్పందానికి అంగీకరించే ముందు దీన్ని చదవాలని కోరుతున్నాను. హైదరాబాదులో మేము బిర్యానీ వంటగది తెరిచినప్పుడు, యాప్ తరఫున వచ్చిన ప్రతినిధి కమీషన్ 25 శాతమేనని పదేపదే చెప్పారు కానీ, ఆ శాతాన్ని ఏ మొత్తం మీద లెక్కిస్తారో, దాని వెంట ఇంకేమి కోత పడుతుందో చెప్పలేదు.

మా చెల్లింపుల పట్టికలోని ఒక ఆర్డర్‌ను చూడండి. చికెన్ బిర్యానీ ధర 240, ప్యాకింగ్ ఛార్జి 10, మొత్తం 250 రూపాయలు. వినియోగదారుకు చూపిన 50 రూపాయల తగ్గింపు యాప్ ఇచ్చినది కాదు, మా ఖాతాలోంచే పోయింది. మిగిలిన 200 మీద కమీషన్ 50, చెల్లింపు రుసుము 4, ఈ రెండింటిపై 18 శాతం జీఎస్టీ దాదాపు 10 రూపాయలు తీసేశాక 136 మిగిలాయి. ప్యాకింగ్ ఛార్జి మీద కూడా కమీషన్ పడిందని గమనించండి. 2022 జనవరి 1 నుంచి ఇలాంటి ఆర్డర్లపై 5 శాతం జీఎస్టీని యాప్ సంస్థే చెల్లిస్తుంది. అయితే ఆ 5 శాతం విధానంలో ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మనం కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు, ఉండదు కాబట్టి, కమీషన్‌పై మనం కట్టే జీఎస్టీ పూర్తిగా ఖర్చే అవుతుంది. ప్రకటనల కింద ఆర్డరుకు సగటున 15 పోతే 121 మిగిలాయి. డబ్బా, రైతా, సాలన్ కప్పులు, కవరు, టిష్యూ కలిపి 18. బియ్యం, కోడిమాంసం, నూనె, గ్యాస్ 88. చివరికి మిగిలిన 15 రూపాయల్లోంచే అద్దె, కరెంటు, వంటవాళ్ల జీతాలు రావాలి.

అందువల్ల కమీషన్‌ను తగ్గింపుకు ముందున్న ధరపై లెక్కిస్తారా, తర్వాతి ధరపై లెక్కిస్తారా, తగ్గింపులో ఎవరి వాటా ఎంత, ప్రకటనలను మన అనుమతి లేకుండా మొదలుపెడతారా అన్నవి రాతపూర్వకంగా అడగండి. వారం మొత్తంగా ఖాతాలో పడిన సొమ్మును చూసి తృప్తిపడకుండా, ఆర్డర్ వారీ పట్టికను దించుకుని ప్రతి కోతనూ సరిచూడండి.

ప్యాకింగ్‌లో చవక చూస్తే నష్టం మరోచోట తేలుతుంది. సాలన్ కారిందని ఫిర్యాదు వస్తే వాపసు సొమ్మును మన చెల్లింపులోంచే తీసుకునే నిబంధన మా ఒప్పందంలో ఉంది. ఏ కప్పునైనా కొనే ముందు వేడి సాలన్ నింపి, మూత బిగించి, బైక్ మీద అరగంట తిప్పి చూడటం మంచిది. పలుచని మూతలు వేడికి వంగి అంచు దగ్గర వదులవుతాయి.

మెనూలో వంటకాల సంఖ్య పెంచితే ఆర్డర్లు పెరుగుతాయని కూడా ఆ ప్రతినిధి అన్నారు. మా అనుభవంలో ఒక్కో కొత్త వంటకం వేరే సైజు డబ్బాను, మిగిలిపోయే సరుకును తెచ్చింది తప్ప లాభం తేలేదు. దానికి బదులు ఇద్దరికి సరిపడే బిర్యానీ ప్యాక్‌ను 480కి పెట్టినప్పుడు ప్యాకింగ్ ఖర్చు 24 దాటలేదు, అంటే మనిషికి 12 రూపాయలే. కొత్తగా తెరిచేవారు ఒకే రకం డబ్బాలో సర్దగలిగే, ప్రయాణంలో మెత్తబడని నాలుగైదు వంటకాలతో ఆగి, ఒక్కొక్కదానికి పై లెక్కను ముందే కాగితం మీద వేసుకుని, రోజుకు ఎన్ని ఆర్డర్లు వస్తే అద్దె, జీతాలు వెళతాయో తేల్చుకున్నాకే వంటగదికి అడ్వాన్సు ఇవ్వండి.