ఫిలమెంట్ వెలుగు వాటాకు λT పట్టిక: ఏళ్ల వాడకం తరువాత సమీక్ష

ఉష్ణ ప్రసార పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే కృష్ణ వస్తు వికిరణ పట్టికను నేను దీపపు ఫిలమెంట్ లెక్కలకు ఏళ్ల తరబడి వాడుతున్నాను. అందులో ఒక నిలువు వరుసలో తరంగదైర్ఘ్యం, ఉష్ణోగ్రతల లబ్ధమైన λT ఉంటుంది. దాని ఎదుట F అనే భిన్నం ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత వద్ద వెలువడే మొత్తం శక్తిలో, సున్నా నుంచి ఆ తరంగదైర్ఘ్యం వరకు ఉన్న భాగం ఎంతో F చెబుతుంది. ప్లాంక్ సూత్రాన్ని సమాకలనం చేసి σT⁴తో భాగిస్తే ఉష్ణోగ్రత, తరంగదైర్ఘ్యం విడివిడిగా మిగలవు, వాటి లబ్ధం ఒక్కటే మిగులుతుంది. అందుకే అన్ని ఉష్ణోగ్రతలకూ ఒకే పట్టిక సరిపోతుంది. ఈ పొదుపు విషయంలో దానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే ఫిలమెంట్ విషయంలో ఈ పట్టికను దాని బలహీనమైన చోటే వాడవలసి వస్తుంది, ఈ సంగతి పట్టిక పక్కన ఎక్కడా రాసి ఉండదు.

2800 కెల్విన్ వద్ద ఉన్న ఫిలమెంట్‌ను తీసుకుందాం. దృగ్గోచర పట్టీని 0.40 నుంచి 0.70 మైక్రోమీటర్ల వరకు అనుకుంటే, రెండు అంచుల వద్ద λT విలువలు 1120, 1960 మైక్రోమీటర్ కెల్విన్లు అవుతాయి. ఎరుపు అంచు F నుంచి నీలి అంచు F తీసివేస్తే మనకు కావలసిన వాటా వస్తుంది. చిక్కు ఏమిటంటే, పట్టికలో 1000, 1200, 1400 అంటూ 200 చొప్పున మెట్లు ఉంటాయి కనుక రెండు విలువలూ మెట్ల మధ్యనే పడతాయి. 1000 వద్ద F 0.000321 ఉంటే 1200 వద్ద 0.002134 ఉంది, అంటే ఒక్క మెట్టులో దాదాపు ఏడు రెట్లు పెరిగింది. ఇంత నిటారుగా పైకి వంగే వక్రం మీద రెండు బిందువులను సరళరేఖతో కలిపితే ఆ రేఖ ఎప్పుడూ వక్రానికి పైనే ఉంటుంది, కాబట్టి వచ్చే విలువ ప్రతిసారీ అసలుకంటే ఎక్కువే అవుతుంది. 1120 వద్ద సరళ అంతర్వేశనం 0.00141 ఇస్తుంది, అసలు విలువ 0.00110 మాత్రమే.

విచిత్రమేమిటంటే తుది జవాబులో ఈ తప్పు దాదాపు కనబడదు. 1960 వద్ద కూడా అంతర్వేశనం కొంచెం ఎక్కువ చూపుతుంది (0.0607కు బదులు 0.0613), తీసివేతలో రెండు అధికాలూ చాలావరకు రద్దయి, 5.96 శాతం రావలసిన చోట 5.98 శాతం వస్తుంది. విద్యార్థి సంతోషంగా ముందుకు సాగిపోతాడు. అదే విద్యార్థిని 0.40 నుంచి 0.45 వరకు ఉన్న నీలి భాగం మాత్రమే లెక్కించమంటే, 0.22 శాతానికి బదులు 0.24 శాతం తెస్తాడు, అంటే పదిలో ఒక వంతు దాకా ఎక్కువ. పట్టీ ఇరుకయ్యేకొద్దీ ఈ రద్దు మీద ఆధారపడకూడదు.

దీనికి నేను అలవాటు చేసుకున్న ఉపాయం ఒకటుంది. ఈ ప్రాంతంలో F ప్రధానంగా ఘాతీయ పదం చెప్పినట్టే నడుస్తుంది, ఆ ఘాతంలో λT హారంలో ఉంటుంది. కనుక F బదులు F సంవర్గమానాన్ని, λT బదులు దాని వ్యుత్క్రమాన్ని తీసుకుని అంతర్వేశనం చేస్తే వక్రం దాదాపు సరళరేఖగా మారుతుంది. అదే పట్టికతో, అదే రెండు మెట్లతో 1120 వద్ద 0.001085 వస్తుంది, అసలు విలువ 0.001095 కనుక మిగిలిన తేడా ఒక శాతం లోపే. క్యాలిక్యులేటర్ చేతిలో ఉన్నప్పుడు మాత్రం పట్టికను పక్కనపెట్టి నేరుగా శ్రేణినే వాడతాను:

```
z = 14388 / (λT)
F = (15/π⁴) Σ (e^(−nz)/n) · (z³ + 3z²/n + 6z/n² + 6/n³),  n = 1, 2, 3, …
```

ఇక్కడ λ మైక్రోమీటర్లలో, T కెల్విన్లలో ఉండాలి. ఫిలమెంట్ ఉష్ణోగ్రతల వద్ద z పెద్దది కాబట్టి మొదటి పదం ఒక్కటే సరిపోతుంది: 1960 వద్ద దానితోనే 0.06065 వస్తుంది, పూర్తి శ్రేణి విలువ 0.06066. λను పొరపాటున నానోమీటర్లలో వేస్తే రెండు Fలూ ఒకటికి చేరువై తేడా దాదాపు సున్నా అవుతుంది, మీటర్లలో వేస్తే రెండూ సున్నా అవుతాయి. జవాబు సున్నా దగ్గర కనబడిన వెంటనే ముందుగా ప్రమాణాలనే చూసుకోవాలి.

ఇంత శ్రమపడి నాలుగో దశాంశ స్థానం సరిచేసుకున్నాక, అసలు అనిశ్చితి వేరే చోట ఉందని తెలుస్తుంది. 2800 కెల్విన్ వద్ద వికిరణ వక్రం శిఖరం 1.03 మైక్రోమీటర్ల దగ్గర, అంటే పరారుణంలో ఉంటుంది. దృగ్గోచర పట్టీ ఆ శిఖరానికి ఎడమవైపు ఎక్కుడులో ఉంటుంది. అందువల్ల ఎరుపు అంచును 0.70 నుంచి 0.76కు జరిపితే వాటా 6.0 శాతం నుంచి 8.7 శాతానికి ఎగబాకుతుంది. నీలి అంచును 0.40 నుంచి 0.38కు జరిపితే పెరిగేది 0.05 శాతం కంటే తక్కువే. రెండు పుస్తకాల జవాబులు పొసగకపోతే నేను మొదట చూసేది వారు ఎరుపును ఎక్కడ ఆపారన్నదే. ఆ చివరన కన్ను దాదాపు ఏమీ చూడదు కనుక, 0.76 దాకా లెక్కించిన వాటాను వెలుగుగా భావించడం నాకు సమ్మతం కాదు.

ఉష్ణోగ్రత కూడా అంతే కఠినంగా ఉంటుంది. 2800కు బదులు 2700 వేస్తే 6.0 శాతం 5.0 శాతానికి పడిపోతుంది. ఫిలమెంట్ ఉష్ణోగ్రతను సాధారణంగా నిరోధం పెరుగుదల నుంచి అంచనా వేస్తారు. టంగ్‌స్టన్ నిరోధకత గది ఉష్ణోగ్రత నుంచి 2800 కెల్విన్‌కు చేరేసరికి సుమారు 15 రెట్లవుతుంది. ఈ నిష్పత్తికి హారం చల్లని నిరోధమే, కొలవడం కష్టమైనదీ అదే. 12 వోల్టుల, 50 వాట్ల హాలోజెన్ దీపంలో చల్లని నిరోధం 0.2 ఓమ్ కూడా ఉండదు; మామూలు మల్టీమీటర్ తీగల నిరోధమే అంత ఉండవచ్చు. అటువంటి దీపానికి నాలుగు తీగల పద్ధతిలో కొలవని ఉష్ణోగ్రతను నేను పట్టికలోకి తీసుకెళ్లను.

చివరిగా, టంగ్‌స్టన్ కృష్ణ వస్తువు కాదు, బూడిద వస్తువు కూడా కాదు. బూడిద వస్తువైతే ఉద్గారత అన్ని తరంగదైర్ఘ్యాలకూ ఒకటే కాబట్టి నిష్పత్తిలో కొట్టుకుపోయేది, పట్టిక యథాతథంగా వర్తించేది. టంగ్‌స్టన్‌కు ఈ వేడి వద్ద దృగ్గోచరంలో ఉద్గారత సుమారు 0.44 ఉంటే, అన్ని తరంగదైర్ఘ్యాలకూ కలిపిన సగటు సుమారు 0.33 మాత్రమే. ఆ రెంటి నిష్పత్తితో గుణిస్తే 6 శాతం కాస్తా దాదాపు 8 శాతం అవుతుంది. ఇది స్థూలమైన సవరణే అయినా, అంతర్వేశనం చేసే తప్పుకంటే చాలా పెద్దది, దిశ కూడా ఖాయం: నిజమైన ఫిలమెంట్ పట్టిక చెప్పేదానికంటే మెరుగ్గానే వెలుగునిస్తుంది. అయితే ఆ 8 శాతం ఫిలమెంట్ నుంచి వికిరణంగా వెళ్లిన శక్తిలో మాత్రమే. బల్బులోని వాయువు, ఆధారపు తీగలు మోసుకుపోయే వేడి అందులో లేదు, కాబట్టి దాన్ని దీపం తీసుకున్న విద్యుత్తులో వాటాగా రాయకూడదు.