అలర్ట్ వచ్చింది: ముందే బయలుదేరడమా, ఆగడమా, దారి మార్చడమా?

వానాకాలం మొదలైతే చాలు, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే. "ఆరెంజ్ అలర్ట్ అంటున్నారు, ఎల్లుండి ప్రయాణం ఉంది, టికెట్ క్యాన్సిల్ చేసుకోమంటారా?" బంద్ పిలుపు వచ్చినా ఇదే టెన్షన్. ఇలాంటప్పుడు చేయగలిగినవి మూడు. ముందు రోజే వెళ్లిపోవడం, టికెట్ అలాగే ఉంచుకుని ఆగి చూడడం, దారి మార్చి వెళ్లడం. చాలామంది లెక్క టికెట్ డబ్బుల దగ్గర మొదలవుతుంది. నా లెక్క వాగు దగ్గర మొదలవుతుంది. మీ ఇంటికీ హైవేకీ మధ్య పొంగే వాగు ఉందా, లేదా? సగం జవాబు అక్కడే తేలిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీది తాడూరు వైపు ఊరు. గురువారం తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో విమానం. మామూలుగా కల్వకుర్తి, కడ్తాల్ మీదుగా వెళ్తారు. ఆ దారిలో రఘుపతిపేట దగ్గర దుందుభి వాగు అడ్డం. అది పొంగితే కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మధ్య రాకపోకలు ఆగిపోతాయని ఆ దారిలో తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. మంగళవారం మధ్యాహ్నం వాతావరణ శాఖ బులెటిన్‌లో నాగర్‌కర్నూల్ జిల్లా నారింజ రంగులో కనిపించింది. ఇప్పుడేం చేయాలి?

ముందు బులెటిన్‌ను సరిగ్గా చదవాలి. అందులో ఒక రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు కాదు. ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు. కాబట్టి గురువారం తెల్లవారుజామున పడే వాన బుధవారం గడిలో ఉంటుంది. గురువారం గడి పచ్చగా ఉందని నిశ్చింతగా పడుకుంటే తప్పు గడి చూసినట్టే. రెండోది, రంగుతో పాటు పక్కనున్న మాటలు. భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. అతి భారీ అంటే 115.6 నుంచి 204.4. ఆ పైన పడితే అత్యంత భారీ. "ఒకటి రెండు చోట్ల" అని రాస్తే జిల్లాలోని కొద్ది ప్రాంతాల్లోనే ఆ స్థాయి వాన పడవచ్చని అర్థం. "చాలా చోట్ల" అంటే కథ వేరు. రంగు చెప్పేది వాన కొలత ఒక్కటే కాదు. ఆ వాన పడే అవకాశం ఎంత, పడితే నష్టం ఎంత అన్నవి కలిపి రంగు వేస్తారు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే ఇక కదలండి అని.

ఎక్కువమంది చూడనిది మూడోది. బులెటిన్ చెప్పేది వాన ఎక్కడ పడుతుందో, వరద ఎక్కడికి వస్తుందో కాదు. దుందుభికి నీళ్లు పై నుంచి, జడ్చర్ల, మిడ్జిల్ వైపు నుంచి వస్తాయి. మీ ఊళ్లో చినుకు పడకపోయినా మహబూబ్‌నగర్, రంగారెడ్డి జిల్లాల్లో గట్టిగా కురిస్తే రఘుపతిపేట దగ్గర వాగు లేస్తుంది. అందుకే మీ జిల్లా రంగు కంటే ముందు ఎగువ జిల్లా రంగు చూడండి. మూసీ సంగతీ అంతే. హైదరాబాద్‌లో కురిసి జంట జలాశయాల గేట్లు ఎత్తితే వలిగొండ మండలం సంగెం దగ్గర భీమలింగం కత్వ మునుగుతుంది. అప్పుడు వలిగొండలో ఎండ కాస్తున్నా ఆశ్చర్యం లేదు. ఇక కృష్ణ అయితే కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ నుంచి ఎంత వదులుతున్నారో చూడాలి. అక్కడి నీళ్లు జూరాలకు రావడానికి సమయం పడుతుంది కాబట్టి కృష్ణ ఒడ్డువాళ్లకు కాస్త ముందే తెలుస్తుంది. వాగు ఒడ్డువాళ్లకు అంత గడువు ఉండదు.

మన ఉదాహరణలో మహబూబ్‌నగర్ కూడా నారింజలోనే ఉందనుకుందాం. అప్పుడు నా సలహా ఒకటే. బుధవారం పగలే వాగు దాటేయండి. రాత్రి శంషాబాద్ దగ్గర బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో పడుకోండి. ఖర్చే కదా అంటారు, నిజమే. కానీ ఇక్కడ డబ్బు సంగతి ఎటు తిరుగుతుందో చూడండి. విమానాన్ని కంపెనీయే రద్దు చేస్తే డబ్బు వాపసో, మరో విమానమో ఇవ్వాల్సిందే. వాతావరణం వల్ల రద్దయితే అదనపు పరిహారం రాకపోవచ్చు గానీ వాపసు హక్కు పోదు. అదే విమానం వేళకు ఎగిరిపోయి, మీరు వాగు ఇవతల చిక్కుకుంటే? కంపెనీ దృష్టిలో మీరు రానివారు, అంతే. చౌక టికెట్ అయితే పన్నులు, విమానాశ్రయ రుసుములు తప్ప మిగతాది పోయినట్టే. రోడ్డు తెగిందని ఫొటోలు పంపినా వాళ్ల బాధ్యత కాదు. ఎవరు ఆగారన్నదాని మీదే డబ్బు నడుస్తుంది. బండి ఆగితే డబ్బు వస్తుంది, మీరు ఆగితే పోతుంది. అందుకే మీ ఇంటి నుంచి స్టేషన్‌కో ఎయిర్‌పోర్టుకో ఉండే ముక్కే అసలు ప్రమాదం.

ముందు రోజు వెళ్లడం కుదరకపోతే, విమానం బయలుదేరకముందే కంపెనీ పెట్టిన గడువులోపు తేదీ మార్చుకోండి. భారీ వర్షాల రోజుల్లో కొన్ని కంపెనీలు రుసుము లేకుండా తేదీ మార్చే వీలు ప్రకటిస్తాయి. డబ్బు కట్టే ముందు ఆ ప్రకటన ఉందేమో చూసుకోవాలి.

వాగు ఇప్పటికే పారుతుంటే ఇక పోలిక లేదు, ఎంపిక లేదు. ఒక అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును తేల్చేస్తాయి, రెండడుగులు చాలా బండ్లను లాక్కుపోతాయి. లో లెవెల్ వంతెనకు పిట్టగోడ ఉండదు. ఎర్రనీళ్ల కింద అంచు ఎక్కడుందో, మధ్యలో స్లాబు ఉందో కొట్టుకుపోయిందో కనపడదు. ముందు ట్రాక్టర్ దాటింది కదా అని వెనకే పోవద్దు, దాని ఎత్తు వేరు, బరువు వేరు. ఊరివాళ్లు రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప వేశారంటే, పోలీసు బారికేడ్ లేకపోయినా అది ఆగమనే. చీకట్లో అయితే నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో బండి లైట్ల వెలుగులో కూడా సరిగా తెలియదు. తెల్లవారుజామున బయలుదేరుదామనే ఆలోచన నాకు నచ్చకపోవడానికి ఇదే కారణం.

ఆగి చూడడం ఎవరికి మేలంటే రైలు వాళ్లకి, అదీ ప్రయాణం రెండు రోజులు జరిపినా ఫర్వాలేనివాళ్లకి. రైల్వేయే రైలును రద్దు చేస్తే ఛార్జీ మొత్తం వెనక్కి వస్తుంది. ఆన్‌లైన్ టికెట్‌కు మీరు చేయాల్సిందేమీ లేదు, డబ్బు అదే ఖాతాలోకి వస్తుంది. కౌంటర్ టికెట్ అయితే గడువులోగా తీసుకెళ్లి ఇవ్వాలి. భయపడి ముందే మీ అంతట మీరు క్యాన్సిల్ చేస్తే మాత్రం కోత పడుతుంది. సాయంత్రం ఆ రైలే రద్దయినా కోసిన డబ్బు రాదు. మీరు ఎక్కే స్టేషన్‌లో రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, ఎక్కకూడదని అనుకున్నారా? పూర్తి ఛార్జీ వస్తుంది, కానీ ఆ రైలు నిజంగా కదిలేలోపే ఆన్‌లైన్‌లో టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, వేయాలి. ఇంటికెళ్లి తీరిగ్గా వేద్దామంటే కుదరదు. రైలు ఎక్కడుందో 139కి ఫోన్ చేస్తే చెప్తారు.

దారి మార్చడం మూడోది. మన తాడూరు ఉదాహరణలో నాగర్‌కర్నూల్, బిజినేపల్లి, భూత్పూర్ మీదుగా 44వ నంబర్ హైవే ఎక్కడం. చుట్టూ తిరిగినట్టవుతుంది, పైగా ఊరి నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఉండే చిన్న వాగుల సంగతీ కనుక్కోవాలి. అయినా పనికొస్తుంది. దీనికి పెద్ద పరీక్ష 2024 సెప్టెంబర్ 1న జరిగింది. మున్నేరు పొంగి నందిగామ వైపు హైదరాబాద్–విజయవాడ హైవే మీదకు నీళ్లొచ్చాయి. కోదాడ ప్రాంతం అతలాకుతలమైంది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అప్పుడు విజయవాడ వెళ్లే బండ్లను నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా పంపారు. కొన్ని రైళ్లను కూడా మన పగిడిపల్లి–గుంటూరు లైన్ మీదకు మళ్లించారు. వినడానికి బాగుంది గానీ, అందరూ ఒకే దారి పడితే ఆ దారి కూడా నిండుతుంది. సూర్యాపేట దాటి ముందుకెళ్లాక వెనక్కి తిరగడం ఇంకా కష్టం. దారి మార్చాలంటే నార్కట్‌పల్లి దగ్గరే మార్చాలి. మ్యాప్‌లో ఎరుపు గీత కనపడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

బంద్ సంగతి వేరు. అది సాధారణంగా తెల్లారి మొదలై సాయంత్రానికి సర్దుకుంటుంది. ఆందోళనకారులు పొద్దున్నే డిపో గేటు ముందు కూర్చుంటారు, బస్సులు బయటికి రావు. 2025 అక్టోబర్ 18 బీసీ బంద్ నాడు జరిగిందీ ఇదే. ఇక్కడ ఒక పూట అటో ఇటో జరుపుకుంటే చాలు, టికెట్ రద్దు చేయక్కర్లేదు. సమ్మె అయితే ఆగి ప్రయోజనం లేదు. 2019 అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. అప్పుడు రైలు టికెట్ కోసం మొదటి రోజే పరుగెత్తాలి. పిలుపు ఎవరిచ్చారు, ఆర్టీసీ సంఘాలు అందులో ఉన్నాయా అన్న రెండూ చూస్తే ఏది బందో, ఏది సమ్మెలా సాగేదో అర్థమవుతుంది.

ఎక్కడైనా గొడవలై 163 సెక్షన్ పెట్టారంటే, పాతకాలపు 144 అన్నమాట, ప్రయాణం మానేయాలని కాదు. ఆ ఉత్తర్వులో ఏ ప్రాంతం, ఏ తేదీ వరకు, గుంపులనా రాకపోకలనా ఆపింది అన్నది చదవాలి. ఎక్కువగా ఆపేది గుంపులనే. అమెరికాలో ఉన్న పిల్లలు వాళ్ల ప్రభుత్వ హెచ్చరిక చూసి "ఇండియా రెండో స్థాయిలో ఉంది, రావాలా వద్దా" అని అడిగితే కంగారు పడకండి. నాలుగు స్థాయిల్లో రెండోదంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండండి అని మాత్రమే, రావద్దని కాదు. అది దేశం మొత్తానికి వేసే అంచనా. రేపు దుందుభి పారుతుందో లేదో అందులో ఉండదు.