ప్రొఫైల్ లాకా, కామెంట్ తొలగింపా, నేరుగా మెసేజా: ఏది మేలు?

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేస్తున్న మా మేనల్లుడు, ఉద్యోగ ప్రకటనలు వేసే ఒక ఫేస్‌బుక్ పేజీలో వేరొక మిల్లు వారి ప్రకటన చూసి, దాని కింద "జీతం ఎంత ఇస్తారు?" అని కామెంట్ పెట్టాడు. మరునాడు యజమాని పిలిచి, వేరే చోటు వెతుక్కుంటున్నావా అని అడిగాడు. యజమాని ఆ పేజీని వెతికి చూసినవాడు కాదు. ఆయన మావాడికి ఫేస్‌బుక్‌లో స్నేహితుడు కావడంతో, ఆ ప్రకటనే మావాడు కామెంట్ చేసిన సంగతిని వెంటబెట్టుకొని ఆయన ఫీడ్‌లోకి వచ్చింది.

"మామా, నేను ప్రొఫైల్ లాక్ చేసుకున్న గదా, ఆయనకెట్ల కనపడ్డది?" అని మావాడు అడిగాడు. 2020లో మన దేశంలో వచ్చిన ఈ తాళం మన గోడ మీది పోస్టులను, ఫొటోలను స్నేహితులు కానివారికి కనబడకుండా చేస్తుంది. ఇక్కడ చూసినవాడు స్నేహితుడే. పైగా కామెంట్ ఉన్నది మన గోడ మీద కాదు, ఇతరుల పోస్టు కింద. ఇతరుల పోస్టు కింద మనం పెట్టే లైకును, కామెంటును ఎవరు చూడవచ్చో నిర్ణయించేది ఆ పోస్టు పెట్టినవారే తప్ప మనం కాదు. పోస్టు తేదీ పక్కన భూగోళం బొమ్మ ఉంటే అది అందరికీ తెరిచి ఉన్నదని అర్థం, ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే పెట్టినవారి స్నేహితులకు మాత్రమేనని అర్థం. ఫేస్‌బుక్‌లో మనం సరిచూసుకోవలసినది మన సెట్టింగుల కంటే ముందు ఈ చిన్న బొమ్మనే.

కాబట్టి ఇటువంటి సందర్భంలో లాక్ వల్ల ప్రయోజనం లేదు. రెండవ మార్గం తొలగించడం. మెనూలో "Activity log" తెరిస్తే మనం ఎక్కడెక్కడ లైక్ కొట్టామో, ఏమేమి రాశామో కనిపిస్తుంది. అక్కడినుండి కామెంటును తీసివేయవచ్చు, లైకును వెనక్కి తీసుకోవచ్చు. పాత కామెంట్లను ఏరివేయడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. అయితే ఇది జరిగిన తరువాత చేసే పని. అప్పటికే చూసిన కళ్ళను, తీసిన స్క్రీన్‌షాట్‌ను అది వెనక్కి తేలేదు. యజమానిని బ్లాక్ చేస్తే ఆయనకు మన కామెంట్లు కనబడవన్నది నిజమే గాని, రోజూ ఎదురుపడే మనిషి ఆ సంగతిని గుర్తుపట్టక మానడు, అప్పుడు కామెంటు కంటే పెద్ద తగవే మొదలవుతుంది.

మూడవ మార్గం పోస్టు కింద ఏమీ రాయకుండా, పేజీకి నేరుగా మెసేజ్ పంపడం. ఆ మెసేజ్‌ను చదివేది పేజీ నడిపేవారు మాత్రమే, అది ఎవరి ఫీడ్‌కూ ఎక్కదు. తరువాత చూద్దామనుకొని గుర్తు కోసం లైక్ కొట్టే అలవాటు చాలామందికి ఉంది; దానికి బదులు పోస్టును "Save" చేసుకుంటే అది మనకు మాత్రమే కనిపిస్తుంది. ఉద్యోగం, అప్పు, ఆరోగ్యం, పెళ్ళి సంబంధం వంటి విషయాలలో నా ఓటు నిస్సందేహంగా ఈ మూడవ మార్గానికే.

ఇన్‌స్టాగ్రామ్ దగ్గరకు వస్తే ఈ తీర్పు కొంత మారుతుంది. అక్కడ ఎవరు దేనికి లైక్ కొట్టారో చూపించే పాత ట్యాబ్‌ను 2019లో తీసివేశారు గాని, 2025లో రీల్స్‌లో "Friends" అనే ట్యాబ్ వచ్చి, మనం లైక్ చేసిన, కామెంట్ పెట్టిన పబ్లిక్ రీల్స్‌ను స్నేహితులకు చూపించసాగింది. ఫేస్‌బుక్‌లో లేని సౌకర్యం ఇక్కడ ఉంది: సెట్టింగ్స్ వెతుకు పెట్టెలో "Friends tab" అని టైప్ చేసి, మన లైకులు, కామెంట్లు ఆ ట్యాబ్‌లో ఎవరికీ కనబడకుండా ఆపవచ్చు. ఆపిన తరువాత కూడా ఆ రీల్‌నే తెరిచి కామెంట్లు చదివేవారికి మన పేరు కనిపిస్తూనే ఉంటుంది, ఖాతా ప్రైవేట్‌గా ఉన్నా సరే. ఆగేది ఆ ట్యాబ్ ద్వారా జరిగే చాటింపు మాత్రమే.

ఫాలోల సంగతి వీటన్నిటికంటే తేలిక. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో "Who can see the people, Pages and lists you follow?" అన్న ప్రశ్నకు "Only me" అని పెట్టుకుంటే, మనం ఎవరిని అనుసరిస్తున్నామో మన ప్రొఫైల్‌కు వచ్చినవారికి జాబితాగా కనబడదు.

మావాడు ఆ రాత్రే కామెంటును తొలగించి, జీతం సంగతి ఆ పేజీకి మెసేజ్‌లో అడిగాడు. యజమాని మాత్రం ఇంకా అతని స్నేహితుల జాబితాలోనే ఉన్నాడు.