మూడుల్ క్విజ్‌లో ఒక్కరికే అదనపు సమయం: అయిదేళ్లు వాడిన తర్వాత

నల్గొండలోని ఒక డిగ్రీ కళాశాలలో అయిదేళ్లుగా అంతర్గత పరీక్షలను మూడుల్ అనే ఆన్‌లైన్ బోధనా వేదికలోని క్విజ్‌లో నిర్వహిస్తున్నాను. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది `Overrides` అనే సదుపాయం. తరగతి మొత్తానికి పెట్టిన గడువును కదపకుండా, కరెంటు పోయి నష్టపోయిన ఒక్క విద్యార్థికే అదనపు నిమిషాలనో, రెండో ప్రయత్నాన్నో ఇవ్వడానికి అది వీలు కల్పిస్తుంది. మొదటి రెండేళ్లు దీన్ని తోటి అధ్యాపకులందరి దగ్గరా మెచ్చుకున్నాను. ఆ తర్వాత దేవరకొండ నుంచి పరీక్ష రాసిన ఒక అమ్మాయి విషయంలో జరిగినది చూశాక, ఆ మెప్పును కొంత సవరించుకోవలసి వచ్చింది.

పరీక్ష పది గంటల నుంచి పదకొండు వరకు, నలభై ప్రశ్నలు. ఆమె ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని రాస్తుండగా 10.22కి కరెంటు పోయి 10.41కి వచ్చింది. కనెక్షన్ తెగినా క్విజ్ గడియారం ఆగదు, ఎందుకంటే అది సర్వర్‌లో నడుస్తుంది. ఆమె నాకు పంపిన విన్నపం నాలుగే వాక్యాలు: కరెంటు పోయిన సమయం, వచ్చిన సమయం, చివరగా జవాబు రాసిన ప్రశ్న సంఖ్య, పోయిన పంతొమ్మిది నిమిషాలు ఇప్పించమనే మాట. ఇంత స్పష్టంగా అడిగినవారికి సాయం చేయడం సులభం. ఒక్కో ప్రశ్నకు జవాబు ఏ నిమిషంలో సేవ్ అయిందో `Response history` పట్టికలో కనబడుతుంది. పదిహేడో ప్రశ్న 10.21కి సేవ్ అయింది, ఆ తర్వాతిది 10.42కి. మధ్యలో ఏమీ లేదు. ఆమె మాటకు అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. “సార్, నెట్ సరిగ్గా లేదు, మళ్లీ పెట్టండి” అని మాత్రమే రాసేవారి విషయంలో ఏ ప్రశ్న దగ్గర వెతకాలో తెలియక అరగంట పోతుంది.

నేను 10.50కి ఆమె పేరు మీద `Time limit`ను అరవై నుంచి ఎనభై నిమిషాలకు పెంచాను. రెండు నిమిషాల్లో ఆమె ఫోన్ చేసి, “సార్, ఇంకా ఎనిమిది నిమిషాలే చూపిస్తోంది” అన్నది. పేజీ రిఫ్రెష్ చేయమన్నాను. చేసినా మారలేదు. ఆమె పొరపడుతోందని నేను అనుకుంటుండగానే పదకొండు కొట్టింది, ముప్ఫై ఒకటో ప్రశ్న దగ్గర పరీక్ష దానంతటదే సమర్పణ అయిపోయింది. తప్పు నాదే. క్విజ్‌కు రెండు హద్దులు ఉంటాయి: ఎంతసేపు రాయవచ్చు, ఎప్పుడు తలుపు మూసుకుంటుంది. వాటిలో ఏది ముందు వస్తే అదే అమలవుతుంది. నేను మొదటిది పెంచి, `Close the quiz` అనే రెండోదాన్ని పదకొండు దగ్గరే వదిలేశాను.

సమర్పణ అయిపోయిన ప్రయత్నానికి నిమిషాలు పెంచినా ప్రయోజనం లేదు. ఇక ఆమెకు రెండో ప్రయత్నం ఇవ్వాలి, కాని రాసిన ముప్ఫై ఒక్క జవాబులను మళ్లీ మొదటి నుంచి రాయించడం అన్యాయం. అప్పుడు నాకు దొరికిన మంచి సదుపాయం `Each attempt builds on the last`, అంటే కొత్త ప్రయత్నం పాత జవాబులతోనే మొదలవుతుంది. ఆమెకు `Attempts allowed` రెండు చేసి, సమయం ఇరవై నిమిషాలుగా, ముగింపు 11.45గా మార్చి, ఆ తర్వాత క్విజ్ సెట్టింగులలో దీన్ని ఎంచుకున్నాను. 11.15కి ఆమె తెరిస్తే పాత జవాబులన్నీ అక్కడే ఉన్నాయి, మిగిలిన తొమ్మిదే రాయవలసి వచ్చింది. ఈ సెట్టింగు క్విజ్ మొత్తానికి వర్తించేదే అయినా, మిగతావారికి ఒక్క ప్రయత్నమే ఉంది కనుక వారి మీద దీని ప్రభావం పడలేదు.

దీనిలో ఒక చిక్కు మాత్రం మిగిలే ఉంది. మొదటి ప్రయత్నం ముగిశాక సమీక్షలో సరైన జవాబులు కనబడేలా పెట్టి ఉంటే, రెండో ప్రయత్నానికి అర్థం లేదు. మా క్విజ్‌లో వాటిని ముందే దాచి ఉంచాను కనుక గట్టెక్కాను. అయినా మధ్యలో పదిహేను నిమిషాల విరామం ఆమెకు దొరికింది. మిగిలిన ప్రశ్నలను ఆమె అప్పటికే చూసి ఉండవచ్చు. నేను ఆమెను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను, కాని పోటీ ర్యాంకులు తేల్చే పరీక్షలో ఇలా చేయడానికి నేను సాహసించను. అక్కడ వేరే ప్రశ్నలతో మళ్లీ పరీక్ష పెట్టడమే న్యాయం.

నా తరగతిలో నలభై ఎనిమిది మందే, అందరి పేర్లూ నాకు తెలుసు, ఎవరైనా ఫోన్ చేస్తే పరీక్ష నడుస్తుండగానే స్పందించగలను. ఆ పరిస్థితిలో ఈ సదుపాయం నాకు ఎంతో మేలు చేసింది. ఒక ఊరంతా కరెంటు పోతే ఒక్కొక్కరికీ విడిగా మార్చడం అయ్యే పని కాదు, అప్పుడు గ్రూపుకు మార్పు ఇవ్వడమే దారి, కాని ఆ గ్రూపులను పరీక్షకు ముందే చేసి ఉంచుకోవాలి. దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్ విద్యార్థులకు నేను ఇప్పుడు విడివిడి గ్రూపులు చేసి పెట్టుకుంటున్నాను.