పదకొండు వేల మంది ఉన్నారు, ఒక్కరి చిరునామా లేదు: సొంత వెబ్‌సైటా, ఈమెయిల్ జాబితానా, ఏది మేలు?

మా వదిన ఆరేళ్లుగా మంగళగిరి చీరలు అమ్ముతోంది. ఫొటోలు పెట్టడం, బేరాలు, పాత కొనుగోలుదారులతో మాటలు, అన్నీ ఒక్క ఇన్‌స్టాగ్రామ్‌లోనే. అక్కడ ఆమెను అనుసరించేవారు పదకొండు వేల మంది. నిరుడు శ్రావణం వారంలో మొదలవుతుందనగా ఖాతా నిలిచిపోయింది. నిబంధనల ఉల్లంఘన అని ఒక్క వాక్యం, అంతే. అప్పీలుకు జవాబు వచ్చేసరికి నెల దాటింది, వరలక్ష్మీ వ్రతం కూడా అయిపోయింది. ఆ నెలలో ఆమెను ఆదుకున్నది పార్సిళ్ల కోసం పేర్లు, ఫోను నంబర్లు రాసుకున్న పాత నోటుపుస్తకం. పదకొండు వేల మందిలో ఆమె నేరుగా పలకరించగలిగింది ఆ పుస్తకంలో ఉన్నవారినే.

తప్పేమీ చేయకపోయినా ఇలా జరగవచ్చు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. లక్షల మంది అభిమానులున్న మన తెలుగు కళాకారులు కూడా వేరేచోట సున్నా నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. అభిమానుల జాబితాను బయటికి తెచ్చుకునే దారి లేదు.

‘ఇన్‌స్టాగ్రామ్ పోతే వాట్సాప్ ఉందిగా’ అనేవారికి 2021 అక్టోబరు 4 గుర్తు చేయాలి. ఆ రాత్రి మన గడియారంలో తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆగి, సుమారు ఆరు గంటలు పనిచేయలేదు. మూడింటికీ యజమాని ఒక్కరే, నెట్‌వర్కు సర్దుబాటులో జరిగిన పొరపాటూ ఒక్కటే. పైగా వాట్సాప్ ఛానల్‌లో చేరినవారి నంబర్లు, మీ ఫోనులో ముందే ఉంటే తప్ప, మీకు కనిపించవు. కాబట్టి దాన్ని రెండో ఆధారంగా లెక్కవేయలేం.

మిగిలినవి వెబ్‌సైటు, ఈమెయిల్ జాబితా. డబ్బూ ఓపికా ఒక్కదానికే సరిపోతే నేను జాబితానే ముందు పెడతాను. కొత్త వెబ్‌సైటు సందులో కట్టిన కొట్టు లాంటిది. గూగుల్‌లో వెతికి వచ్చేవారు పెరగడానికి నెలలు పడుతుంది, ఈలోగా వచ్చినవారు మళ్లీ వస్తారన్న హామీ లేదు. జాబితా ఉంటే మనమే వెళ్లి తలుపు తట్టవచ్చు. దాన్ని CSV అనే మామూలు పట్టిక ఫైలుగా దించుకుంటే ఏ సేవకైనా మార్చుకోవచ్చు. ట్విట్టర్ నడిపిన రెవ్యూ అనే ఈమెయిల్ సేవ 2023 జనవరిలో మూతపడినప్పుడు, తమ జాబితాను దించుకున్న రచయితలు పాఠకులను వెంట తీసుకెళ్లారు. గడువు దాటేదాకా దించుకోనివారికి ఆ అవకాశం పోయింది. అందుకే వదిన చేత ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ ఫైలు దింపించి పెన్‌డ్రైవులో పెట్టిస్తున్నాను.

అయితే జాబితా ఒంటరిగా నిలవదు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపలేం. మెయిళ్లు పంపే సేవలో చేరి, పంపినవారి చోట @gmail.com చిరునామానే పెడితే అవి స్పాములో పడే ప్రమాదం ఎక్కువ. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ విషయంలో గట్టిగా ఉంది. పంపినది నిజంగా మీరేనని నిరూపించే SPF, DKIM అనే నమోదులు కావాలి, వాటిని డొమైన్ అనే మీ సొంత వెబ్ చిరునామా సెట్టింగుల్లోనే పెట్టగలరు. అంటే జాబితా కోసమే అయినా సొంత డొమైన్ కొనక తప్పదు. ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు. కొన్నాక దానిమీద ఒక పేజీ పెట్టడం పెద్ద పని కాదు: నాలుగు ఫొటోలు, ఫోను నంబరు, ఈమెయిల్ ఇచ్చే పెట్టె. వెబ్‌సైటు ఈ దారిన రెండో అడుగుగా వస్తుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, సైటు కట్టే కుర్రాడు డొమైన్‌ను తన పేరు మీద నమోదు చేయడం. అతను ఫోను ఎత్తకపోతే సమస్య మళ్లీ మొదటికే. నమోదులో మీ పేరు, మీ ఈమెయిల్ ఉండాలి. ఆ ఈమెయిల్ అదే డొమైన్‌ది కాకూడదు, ఎందుకంటే గడువు దాటి డొమైన్ ఆగిన రోజున హెచ్చరికలు కూడా మీకు చేరవు.

ఈమెయిల్‌కు మన దగ్గర ఒక లోటుంది, ఒప్పుకోవాలి. వదిన దగ్గర కొనేవారిలో అమెరికాలో ఉన్నవారు మెయిలు చూస్తారు, గుంటూరులో ఉన్నవారు చాలామంది చూడరు. అందుకే పెట్టెలో ఫోను నంబరు కూడా అడుగుతోంది. సమ్మతి లేనివారిని మాత్రం చేర్చదు. చేర్చితే వారు స్పాము అని నొక్కుతారు, ఆ ఫిర్యాదులు పెరిగితే మిగతావారికి వెళ్లే మెయిళ్లు కూడా పక్కకు పోతాయి.

ఇన్‌స్టాగ్రామ్‌ను వదిన మానలేదు. కొత్తవారు ఇప్పటికీ అక్కడినుంచే వస్తున్నారు. మారిందల్లా ప్రతి చీర మడతలో పెట్టే చిన్న చీటీ. కొత్త నేత వచ్చినప్పుడు ముందుగా తెలియాలంటే మీ ఈమెయిల్ ఇవ్వండి అని అందులో సైటు చిరునామా ఉంటుంది. మొదటి మూడు నెలల్లో 140 మంది చేరారు. పదకొండు వేల ముందు అది తక్కువే, కానీ ఈ శ్రావణంలో మొదటి పన్నెండు చీరలు వారికే వెళ్లాయి.